వేగం–కాలం గ్రాఫ్: త్వరణం 3.6 వచ్చింది, దూరం 4500 వచ్చింది. ఎక్కడ తప్పాం?

తొమ్మిదో తరగతి అమ్మ
మా అబ్బాయికి ఇచ్చిన లెక్క ఇది. ఒక మెట్రో రైలు ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కి వెళ్ళిన గ్రాఫ్. అడ్డగీత మీద కాలం సెకండ్లలో, నిలువుగీత మీద వేగం గంటకు కిలోమీటర్లలో ఉన్నాయి. గీత సున్నా దగ్గర మొదలై 20వ సెకండుకు 72కి ఎక్కుతుంది. అక్కడి నుంచి 60వ సెకండు దాకా అడ్డంగా సాగుతుంది. తర్వాత వాలుగా దిగి 85వ సెకండుకు సున్నాకి వస్తుంది. మొదటి భాగంలో త్వరణం, బ్రేకు వేసినప్పటి త్వరణం, మొత్తం దూరం అడిగారు.

మేం చేసింది: 72ని 20తో భాగిస్తే 3.6. బ్రేకుకి 72ని 85తో భాగిస్తే 0.85 దాకా వచ్చింది. దూరానికి ట్రెపీజియం వైశాల్యం వేస్తే 4500. వెనక జవాబులు చూస్తే 1, −0.8, 1250 మీటర్లు. రెండోది దాదాపు కలిసింది కదా, దశాంశాల తేడా అనుకున్నాం. మిగతా రెండూ అసలు దగ్గరలో కూడా లేవు.

గళ్ళ కాగితం
అమ్మా, మీకు ‘దాదాపు కలిసిన’ రెండోదే అసలు తప్పు. మిగతా రెండిట్లో అంకెలు సరైనవే, వాటి పక్కన రాయాల్సిన ప్రమాణం మాత్రం వేరు.

3.6 అంటే ఏమిటో మాటల్లో చదవండి. గంటకు ఇన్ని కిలోమీటర్లనే వేగం ప్రతి సెకండుకూ 3.6 చొప్పున పెరుగుతోంది. మొదటి సెకండు చివర 3.6, రెండో సెకండు చివర 7.2, అలా 20వ సెకండుకు 72. ఇందులో తప్పేమీ లేదు. జవాబు మాత్రం సెకండుకు మీటర్ల లెక్కలో అడిగారు. గంటకు 3.6 కిలోమీటర్లంటే సెకండుకు సరిగ్గా ఒక మీటరు, కాబట్టి మీ 3.6, పుస్తకంలోని 1 ఒకటే త్వరణం.

4500 కూడా అంతే. మీరు గుణించింది కి.మీ./గంట ఉన్న నిలువు కొలతను సెకండ్లతో. వచ్చిన 4500 మీటర్లూ కాదు, కిలోమీటర్లూ కాదు. 3.6తో భాగిస్తే 1250 మీటర్లు వస్తుంది.

వీటన్నిటికంటే సులువు, మొదట్లోనే నిలువుగీత మీది 72ని చెరిపి 20 మీ/సె అని రాసుకోవడం. ఆ ఒక్క అంకె మారిస్తే మిగతా లెక్కంతా శుభ్రంగా సాగుతుంది:

```
0-20 సె :  a = (20 - 0) / (20 - 0)  =  1    మీ/సె²
20-60 సె:  a = (20 - 20) / (60 - 20) = 0
60-85 సె:  a = (0 - 20) / (85 - 60) = -0.8  మీ/సె²
```

మూడో వరుసలో కింద ఉన్నది 25, 85 కాదు. బ్రేకు పడింది 60వ సెకండు దగ్గర. అంతకుముందు గడిచిన 60 సెకండ్లకీ ఆ వాలుగీతకీ సంబంధం లేదు. మీరు 72/85 వేసినప్పుడు రెండు తప్పులు కలిశాయి: వేగం మార్చలేదు, కాలం మొదటినుంచీ లెక్కపెట్టారు. ఒకటి అంకెను పెంచింది, రెండోది తగ్గించింది, రెండూ కలిసి 0.85 అయి 0.8 పక్కన కూర్చున్నాయి. వేగం ఒక్కటి మార్చి కాలం అలాగే ఉంచి ఉంటే 0.24 వచ్చేది, అప్పుడు తప్పని వెంటనే తెలిసేది.

నిలువుగీత
ఇంత అవసరం లేదండీ. వాలు అంటే కోణానికి టాంజెంట్. కోణమానిని పెట్టి గీతకూ అడ్డగీతకూ మధ్య కోణం కొలవండి, టాన్ విలువ చూడండి, అదే త్వరణం. 45 డిగ్రీలుంటే త్వరణం 1.

గళ్ళ కాగితం
గణితంలో రెండు గీతల మీదా ఒకే కొలత ఉన్నప్పుడు మీ మాట నిజం. ఇక్కడ నిలువున ఉన్నది వేగం, అడ్డంగా ఉన్నది కాలం. ఏది ఎన్ని సెంటీమీటర్లలో గీయాలన్నది గీసేవారి ఇష్టం.

ఇదే గ్రాఫ్‌ని అడ్డంగా 1 సెం.మీ. = 5 సెకండ్లు, నిలువుగా 1 సెం.మీ. = గంటకు 10 కి.మీ. స్కేలుతో గీద్దాం. మొదటి భాగం 4 సెం.మీ. అడ్డంగా, 7.2 సెం.మీ. ఎత్తుకు వస్తుంది. టాన్ 1.8, కోణం 61 డిగ్రీల దాకా. అడ్డం స్కేలు 1 సెం.మీ. = 10 సెకండ్లుగా మారిస్తే అడ్డం 2 సెం.మీ.కి తగ్గుతుంది, టాన్ 3.6 అవుతుంది, కోణం 74 డిగ్రీలు దాటుతుంది. రైలు అదే, డ్రైవరూ అదే. కాగితం మీద గీత నిటారుగా కనిపించినంత మాత్రాన త్వరణం పెరగలేదు. అందుకే వాలుకి సెంటీమీటర్లు కాదు, గీతల మీద రాసి ఉన్న విలువలు చదవాలి.

నిలువుగీత
అంటే రెండు గ్రాఫులు పక్కపక్కన ఇచ్చి ఏది నిటారుగా ఉందో చూసి త్వరణం ఎక్కువని చెప్పడం కూడా తప్పేనా?

గళ్ళ కాగితం
రెండు గీతలూ ఒకే కాగితం మీద, అవే స్కేళ్ళతో ఉంటే చెప్పొచ్చు. వేరువేరు బొమ్మలైతే ముందు స్కేళ్ళు చూడాలి. నిలువుగీత సున్నా దగ్గర మొదలవకుండా 40 దగ్గర మొదలయ్యే బొమ్మలు కూడా ఉంటాయి. అక్కడ వాలుకు ఏ ఇబ్బందీ లేదు, తేడాలే కదా తీసుకుంటాం. వైశాల్యం మాత్రం ఘోరంగా తప్పుతుంది, ఎందుకంటే 40 కింద ఉన్న ముక్కంతా బొమ్మలో కనబడదు.

చింతచెట్టు
నాకొక సందేహం. 20 నుంచి 60 దాకా గీత అడ్డంగా ఉందన్నారు. అంటే రైలు ఆ 40 సెకండ్లూ ఆగి ఉంది కదా? తర్వాత గీత కిందికి దిగిందంటే బయల్దేరిన స్టేషన్‌కే తిరిగి వచ్చినట్టు కదా? మరి 1250 మీటర్లు ఎలా వెళ్ళినట్టు?

త్రిభుజం
మీరు చదువుతున్నది దూరం–కాలం గ్రాఫ్. ఆ గ్రాఫ్‌లో మీరన్న రెండూ నిజమే. చదివే ముందు నిలువుగీత పక్కన ఏం రాసి ఉందో చూడండి. ఇక్కడ రాసి ఉన్నది వేగం.

అడ్డంగా ఉందంటే వేగం మారడం లేదని. 40 సెకండ్ల పాటు రైలు సెకండుకు 20 మీటర్ల చొప్పున పరిగెడుతూనే ఉంది. మొత్తం ప్రయాణంలో ఎక్కువ దూరం కదిలింది అక్కడే: 40 × 20 = 800 మీటర్లు. దిగుతున్న గీత వేగం తగ్గుతోందని చెబుతుంది, వెనక్కి వస్తోందని కాదు. గీత సున్నాకి పైన ఉన్నంతసేపూ రైలు ముందుకే పోతోంది.

మొత్తం దూరం ముక్కలుగా ఇలా వస్తుంది. ఎడమ త్రిభుజం ½ × 20 × 20 = 200. మధ్య దీర్ఘచతురస్రం 800. కుడి త్రిభుజం ½ × 25 × 20 = 250. కలిపితే 1250. తొమ్మిదో తరగతి అమ్మగారు ట్రెపీజియంతో చేసిన పద్ధతి కూడా ఇదే, సమాంతర భుజాలు 85, 40, ఎత్తు 20.

త్రిభుజానికి ఆ సగం ఎందుకని పిల్లలు అడిగితే, వేగం సున్నా నుంచి 20కి సమానంగా పెరిగింది కాబట్టి సగటున 10తో వెళ్ళినట్టే అని చెప్పొచ్చు. 10 ఎత్తున్న దీర్ఘచతురస్రమూ 20 ఎత్తున్న త్రిభుజమూ ఒకే వైశాల్యం. 14వ శతాబ్దంలో నికోల్ ఒరెమ్ అనే ఫ్రెంచి పండితుడు ఇదే బొమ్మ గీసి చూపించాడు.

తొమ్మిదో తరగతి అమ్మ
అర్థమైంది, ధన్యవాదాలు. మా వాడు వెంటనే ఇంకోటి అడిగాడు: 4500 మీటర్లు తప్పని జవాబు చూడకుండా ఎలా తెలుస్తుంది?

త్రిభుజం
మంచి ప్రశ్న. గ్రాఫ్ మొత్తాన్నీ కప్పే పెద్ద పెట్టె గీయమనండి. అడ్డం 85 సెకండ్లు, ఎత్తు 20 మీ/సె. దాని వైశాల్యం 1700 మీటర్లు. రైలు ఒక్క క్షణం కూడా తగ్గకుండా గరిష్ఠ వేగంతో పోయినా 1700 దాటలేదు. మన రైలు మొదట్లోనూ చివర్లోనూ నెమ్మదిగా ఉంది కాబట్టి జవాబు 1700 కంటే తక్కువ ఉండి తీరాలి. మధ్య దీర్ఘచతురస్రం ఒక్కటే 800 కాబట్టి అంతకంటే ఎక్కువ ఉండాలి. 4500 ఈ రెండిటి మధ్యా లేదు.

గళ్ళ కాగితం
గ్రాఫ్ కాగితం మీద గళ్ళు లెక్కపెట్టి కూడా సరిచూడొచ్చు. నేను పైన చెప్పిన మొదటి స్కేలులో ఒక సెంటీమీటరు గడి అంటే 5 సెకండ్లు × గంటకు 10 కి.మీ. ఆ గడి విలువ 50ని 3.6తో భాగిస్తే సుమారు 13.9 మీటర్లు. బొమ్మలో మొత్తం 90 గళ్ళు వస్తాయి. 90 × 13.9 అంటే 1250 దగ్గరకే చేరుతుంది. చాలామంది 90 గళ్ళు అని లెక్కపెట్టి, ‘90 మీటర్లు’ అని రాసి ఊరుకుంటారు. ముందు ఒక్క గడి ఎంతో కాగితం మూల రాసుకోవాలి.

లోకో షెడ్
లెక్కగా ఇదంతా సరే. నిజమైన రైలు గ్రాఫ్ ఇంత సూటిగా ఉండదని పిల్లలకు చెప్పండి. మోటారు ఇవ్వగల శక్తికి హద్దు ఉంటుంది. వేగం తక్కువ ఉన్నప్పుడు గట్టిగా లాగుతుంది, వేగం పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. కాబట్టి గీత మొదట నిటారుగా లేచి పైకెళ్ళేకొద్దీ వంగుతుంది. మూలలు కూడా పదునుగా ఉండవు. త్వరణం ఒక్కసారిగా 1 నుంచి 0కి మారితే నిలబడ్డ ప్రయాణికులకు కుదుపు తగులుతుంది, అందుకే మెల్లగా మారుస్తారు.

దీనివల్ల దూరం ఎంత మారుతుందో చూడండి. మొదటి 10 సెకండ్లలో 12 మీ/సెకి చేరి, తర్వాతి 10 సెకండ్లలో 12 నుంచి 20కి చేరిందనుకుందాం. త్వరణాలు 1.2, 0.8. మొత్తం 20 సెకండ్లకు సగటు త్వరణం ఇప్పటికీ 1. దూరం మాత్రం 60 + 160 = 220 మీటర్లు, 200 కాదు. మొదలూ చివరా అవే చుక్కలు, సగటు త్వరణమూ అదే, కానీ గీత పైకి ఉబ్బినందుకు 20 మీటర్లు ఎక్కువ.

నిలువుగీత
అయితే ½at² సూత్రం వేస్తే 200 వస్తుంది కదా, 220 ఎలా?

లోకో షెడ్
ఆ సూత్రం త్వరణం మారనప్పుడే పనిచేస్తుంది, అంటే గీత సూటిగా ఉన్న ముక్కకే. వంగిన గీతకు సగటు త్వరణం వేసి ఆ సూత్రం వాడకూడదు. వైశాల్యం మాత్రం గీత ఎలా వంకరపోయినా దూరాన్నే ఇస్తుంది.

ఇంకొక సంగతి కూడా. రైలు 85వ సెకండు దగ్గర ఆగాల్సిన గుర్తును కాస్త దాటి, వెనక్కి జరిగిందని లెక్క కోసం అనుకుందాం. గీత సున్నా కిందికి దిగి 90వ సెకండుకు −2కి పోయి, 95కి మళ్ళీ సున్నాకి వచ్చింది. కింద ఏర్పడిన త్రిభుజం ½ × 10 × 2 = 10. ఇప్పుడు రెండు ప్రశ్నలకు రెండు జవాబులు. చక్రాలు తిరిగిన దూరం 1250 + 10 = 1260. మొదటి స్టేషన్ నుంచి స్థానభ్రంశం 1250 − 10 = 1240. లెక్కలో ఏది అడిగారో చూసి రాయాలి.

తొమ్మిదో తరగతి అమ్మ
మా వాడు ఇప్పుడే అంటున్నాడు, 85 నుంచి 90 దాకా త్వరణం −0.4, కాబట్టి రైలు నెమ్మదిస్తోంది అని. అది సరేనా?

లోకో షెడ్
−0.4 సరే. నెమ్మదించడం లేదమ్మా. ఆ 5 సెకండ్లలో రైలు వెనక్కి వడి పుంజుకుంటోంది, 0 నుంచి 2కి. 90 నుంచి 95 దాకా వాలు +0.4, అక్కడ వడి తగ్గుతోంది. ఋణ త్వరణం అంటే బ్రేకే అని గుర్తుపెట్టుకుంటే ఇక్కడ బోల్తా పడతారు. గీత అడ్డగీత వైపు వస్తుంటే వడి తగ్గుతోంది, దూరం జరుగుతుంటే పెరుగుతోంది. గీత పైన ఉన్నా కింద ఉన్నా ఇంతే.

చింతచెట్టు
85వ సెకండు దగ్గర వేగం సున్నా కదా, మరి త్వరణం కూడా సున్నాయేనా?

త్రిభుజం
కాదు. వేగం గీత ఎత్తులో ఉంది, త్వరణం గీత వాలులో ఉంది. 85 దగ్గర ఎత్తు సున్నా, కానీ గీత ఇంకా దిగుతూనే ఉంది. అక్కడ వాలు −0.8 నుంచి −0.4కి మారుతోంది, సున్నాని తాకడం లేదు.

స్కూటర్ సవారీ
నా దగ్గర వంగిన గీత ఒకటుంది, ఎలా లెక్కపెట్టాలో చెప్పండి. స్కూటర్ స్పీడోమీటరును వీడియో తీసి 5 సెకండ్లకొకసారి ఆపి చూశాను. వేగాలు గంటకు కి.మీ.లో: 0, 14, 25, 33, 38, 40. ఫోన్‌లోని జీపీఎస్ దూరం 168 మీటర్లంది. త్వరణానికి 40ని 25తో భాగించి, దూరానికి ½ × 25 × 40 = 500, దాన్ని 3.6తో భాగించి 139 మీటర్లు తెచ్చాను. 30 మీటర్ల తేడా!

గళ్ళ కాగితం
మీరు మొదటి చుక్కనూ చివరి చుక్కనూ సూటి గీతతో కలిపేశారు, ఉబ్బిన భాగమంతా వదిలేశారు. ఐదు సన్నని ట్రెపీజియంలు చేయండి. మొదటిదీ చివరిదీ సగం, మధ్యవి పూర్తిగా కలపాలి:

```
0/2 + 14 + 25 + 33 + 38 + 40/2 = 130
130 × 5 = 650
650 / 3.6 ≈ 181 మీటర్లు
```

ప్రతి ముక్కలోనూ నెమ్మదైన వేగమే తీసుకుంటే 153, ఎక్కువ వేగమే తీసుకుంటే 208 మీటర్లు వస్తాయి. వేగం మధ్యలో ఎక్కడా తగ్గలేదు కాబట్టి ఈ అంకెల ప్రకారం దూరం ఆ రెండిటి మధ్యే ఉండాలి. గీత పైకి ఉబ్బింది కనుక 181 కూడా కొద్దిగా తక్కువ అంచనాయే.

త్వరణం ఒక్క అంకె కాదు, క్షణక్షణానికీ మారుతోంది. 10వ సెకండు దగ్గర కావాలంటే ఆ చుక్కకు స్పర్శరేఖ గీయాలి. చేతికి తేలిక దారి, అటూ ఇటూ ఉన్న చుక్కలు తీసుకోవడం: (33 − 14) / 10 = 1.9, అంటే 0.53 మీ/సె² దాకా. 25ని 10తో భాగిస్తే 0.69 వస్తుంది, కానీ అది మొదటి 10 సెకండ్ల సగటు, ఆ క్షణానిది కాదు.

స్కూటర్ సవారీ
అయితే 139 తక్కువ, 181 ఎక్కువ. జీపీఎస్ 168 మధ్యలో ఉంది. ఏది నమ్మాలి?

లోకో షెడ్
స్పీడోమీటర్లు అసలు వేగం కంటే కొంచెం ఎక్కువ చూపించేలా తయారవుతాయి, తక్కువ చూపించకూడదు కాబట్టి. అన్ని అంకెలూ ఎక్కువైతే వైశాల్యమూ ఎక్కువే అవుతుంది. మీ వీడియోలో ఫోన్ తెర కూడా కనబడుతుంటే దాని మీది వేగాలు చదివి చూడండి.

స్కూటర్ సవారీ
కనబడుతోంది. అవే క్షణాల్లో: 0, 12, 23, 31, 35, 37. ఇదే పద్ధతిలో 12 + 23 + 31 + 35 + 18.5 = 119.5. ఐదుతో గుణించి 3.6తో భాగిస్తే 166 మీటర్లు! 168కి రెండే తక్కువ.

త్రిభుజం
ఉబ్బు వల్ల ట్రెపీజియం ఒకటి రెండు మీటర్లు తగ్గించి చూపించడం సహజం. అదే ఆ రెండు మీటర్లు అయి ఉంటుంది.

లోకో షెడ్
అంత తొందరగా తేల్చకండి. ఫోన్ తెర మీది వేగం కాస్త ఆలస్యంగా మారుతుంది. ఒక సెకండు ఆలస్యమైతే, చివర్లో 37 వేగం దగ్గర సుమారు 10 మీటర్లు లెక్కలోంచి జారిపోతాయి. 168లో కూడా జీపీఎస్ మొదటి చుక్క, చివరి చుక్క కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. రెండూ ఒకే ఫోన్‌వి కాబట్టి కలిశాయంటే నిజమని చెప్పలేం. రోడ్డు మీద టేపుతో కొలిచిన 150 మీటర్ల మధ్య నడిపితే ఏది దగ్గరో తెలుస్తుంది.

స్కూటర్ సవారీ
ఆదివారం ఖాళీ రోడ్డు మీద కొలుస్తాను. ఈసారి 5 సెకండ్లకు కాదు, 2 సెకండ్లకొక చుక్క తీసుకుంటాను. మొదటి 5 సెకండ్లలోనే 14కి పోయింది, అక్కడే గీత ఎలా వంగిందో నాకు తెలియడం లేదు.

తొమ్మిదో తరగతి అమ్మ
మా వాడు వెనక్కి జరిగిన రైలు గ్రాఫ్‌ని 2 మి.మీ. లోతున గీసి, గళ్ళు కనబడడం లేదని కూర్చున్నాడు. కింది భాగానికి వేరే స్కేలు వాడొచ్చా?

గళ్ళ కాగితం
ఒకే నిలువుగీత మీద రెండు స్కేళ్ళు వద్దమ్మా, వాలూ వైశాల్యమూ రెండూ చెడతాయి. 80వ సెకండు నుంచి 95 దాకా ఉన్న ముక్కను ఇంకో కాగితం మీద పెద్దగా గీయమనండి. నిలువుగా 1 సెం.మీ. = 1 మీ/సె, అడ్డంగా 1 సెం.మీ. = 2 సెకండ్లు అయితే ఒక గడి 2 మీటర్లు, కింద సరిగ్గా 5 గళ్ళు రావాలి.